చెల్లెమ్మా, ఆ రోజు నేనన్న మాట గురించి

చెల్లెమ్మా,

ఈ ఉత్తరం మీ వదిన చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్ చేద్దామని తీసి, చేయలేక పెట్టేశాను. ఫోన్లో అయితే నా గొంతు పూడుకుపోతుంది, నువ్వేమో "ఫర్వాలేదులే అన్నయ్యా" అంటావు. ఇంత దుఃఖంలో ఉన్నదానివి తిరిగి నన్నే ఓదార్చాలి. అది నాకు ఇష్టం లేదు. చదవాలనిపించినప్పుడు చదువు. వద్దనిపిస్తే పక్కన పడేయి.

బావని షామియానా కింద ఫ్రీజర్ బాక్సులో ఉంచి, బెంగళూరు నుంచి బాబు వచ్చేదాకా అందరం కూర్చున్నాం. వచ్చినవాళ్ళంతా ఎలా జరిగిందని నిన్నే అడుగుతున్నారు. రాత్రి గ్యాస్ పట్టేసిందన్నారు, వాము నీళ్ళు కాచి ఇచ్చాను, కాసేపు పడుకుంటానన్నారు అని నువ్వు ప్రతి ఒక్కరికీ మొదటినుంచీ చెబుతున్నావు. అప్పుడు నేను, మీ అత్తగారూ ఆడపడుచులూ వింటుండగా, "గ్యాసనుకుని ఇంట్లో పెట్టుకు కూర్చున్నావేంటమ్మా, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్తే మనిషి దక్కేవాడు కదా" అన్నాను.

నువ్వు ఏమీ అనలేదు. నీ చేతిలో బావ కళ్ళజోడు పెట్టె ఉంది. దాని మూత తీశావు, మళ్ళీ వేశావు. మీ అత్తగారు ఏడుపు ఆపి నీ వంక చూశారు. ఆ తర్వాత నువ్వు ఎవరికీ జరిగింది చెప్పలేదు, లోపలికెళ్ళిపోయావు. నేను అక్కడే కుర్చీలో కూర్చుని టీ తాగాను కూడా.

నీ మనసు నొచ్చుకుని ఉంటే క్షమించు అని రాయను. నొప్పించాను, అదీ పదిమందిలో. పైగా ఆ మాట నిజం కూడా కాదు. అరగంట ముందు తీసుకెళ్తే ఏమయ్యేదో నాకేం తెలుసు? తెలియని సంగతి తెలిసినట్టు నీ నెత్తిన పెట్టాను. షుగర్ ఉన్నవాళ్ళకి గుండెనొప్పి నొప్పిలా తెలియదట, చాలామందికి కడుపుబ్బరంలాగే ఉంటుందట. మర్నాడు మన పాత డిపార్ట్‌మెంట్ వాళ్ళల్లో బైపాస్ చేయించుకున్నాయన ఈ సంగతి చెబితే విన్నాను. అతనూ మొదట సోడా తాగి పడుకున్నాడట.

ఇంకొకటి చెప్పాలి. చెబితే నీకు ఇంకా బాధేమోనని చాలా ఆలోచించాను. కానీ నేను దాచుకుంటే నువ్వు మోసే బరువు ఎక్కువవుతుంది.

మొన్న ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణకి బావా నేనూ వెళ్ళాం కదా. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరినప్పుడు బాగానే ఉన్నాడు. అప్పుఘర్ దగ్గర సముద్రంలో మునిగి, తడి పంచెతోనే జోకులేస్తూ నడిచాడు. మాధవధార దాటుతుంటే మాత్రం రోడ్డు పక్కన అరుగు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. ఎడమ భుజం పట్టేసినట్టుంది అన్నాడు. 32 కిలోమీటర్ల నడక, అరవై దాటిన ఒళ్ళు, పట్టేయక ఏం చేస్తుంది అని నేను నవ్వాను. పక్కన మజ్జిగ పంచుతుంటే రెండు గ్లాసులు తెచ్చి ఇచ్చాను. కాసేపటికి లేచాడు. "ఇంట్లో చెప్పకురా, వచ్చే ఏడాది రానివ్వదు" అన్నాడు. సరే అన్నాను. నీకు చెప్పలేదు, డాక్టరు దగ్గరికి పద అని వాడితోనూ అనలేదు.

ఆ రోజు షామియానా కింద నా మనసులో తిరుగుతున్నది ఆ అరుగే. నన్ను నేను అడుక్కోవాల్సిన మాట నిన్ను అడిగాను. దీన్ని సాకుగా చెప్పడం లేదు. అలా అడగడం ఇంకా పెద్ద తప్పని నాకు తెలుసు. ఎందుకు గమనించలేదా అని రాత్రుళ్ళు నువ్వు కుమిలిపోతుంటే మాత్రం, నీకు చెప్పకుండా దాచినవాళ్ళం ఇద్దరం ఉన్నామని తెలియాలనే రాస్తున్నాను. బావ మీద కోపం తెచ్చుకోకు. వాడికి ఆ నడకంటే ప్రాణం. కోపం వస్తే నా మీద పడు.

1990లో మన స్టీల్ ప్లాంట్‌లో గోదావరి ఫర్నేస్ మొదలైన రోజుల నుంచీ చూస్తున్నాను మిమ్మల్ని. బావ సి షిఫ్టు దిగి పొద్దున్నే ఇంటికొస్తే కిటికీలకి దుప్పట్లు కట్టి, పిల్లాణ్ణి మా ఇంటికి పంపేసి వాణ్ణి పడుకోబెట్టేదానివి. హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అందరం నీళ్ళకీ పాలకీ కొట్టుకుంటుంటే నువ్వు వాడి ఇన్సులిన్ సీసాలు డబ్బాలో పెట్టి, ఆ డబ్బా మట్టికుండలో దించి, కుండకి తడిగుడ్డ చుట్టి పూటపూటకీ తడిపేదానివి. అది మా అందరికీ తెలుసు. అటువంటిదాన్ని పట్టుకుని నేనా ఆ మాట అన్నాను!

నా మాట నాతో ఆగలేదని కూడా తెలిసింది. మీ పెద్దాడపడుచుగారు అదే మాట ఇంకో ఇద్దరితో అన్నారట. నిన్న ఆమెకి ఫోన్ చేసి, గిరి ప్రదక్షిణ సంగతి తప్ప మిగతాదంతా చెప్పాను. నాకేమీ తెలియకుండా నోటికొచ్చింది అన్నానని, చెల్లెమ్మ తప్పేమీ లేదని చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "అమ్మతో నువ్వే చెప్పు బాబూ" అన్నారు. నిజమే, చెప్పాల్సింది నేనే. నువ్వు సరేనంటే పెద్దకర్మకి ముందే వచ్చి మీ అత్తగారి దగ్గర కూర్చుని చెబుతాను. మాధవధార సంగతి ఆమెకి చెప్పాలో వద్దో నీ ఇష్టం. కన్నతల్లి కదా, నాకు తోచడం లేదు.

నన్ను చూస్తేనే కష్టంగా ఉంటే పెద్దకర్మకి రాను. బాబుతో ఒక్క మాట చెప్పించు చాలు, ఎందుకని అడగను. మీ వదిన మాత్రం ఎప్పటిలా వస్తుంది. తన మీద కోపం పెట్టుకోకు, ఇంటికొచ్చాక నన్ను బాగానే కడిగింది.

కాగితాల పని తొందరేం లేదుగానీ రాసి పెడుతున్నాను. ఆస్పత్రిలో జరిగింది కాబట్టి మరణం నమోదుకి వాళ్ళే పంపుతారు. పంపారో లేదో బాబుని ఒకసారి అడగమను, 21 రోజుల్లోపు అయిపోతే తర్వాత తిప్పలుండవు. సర్టిఫికెట్ కాపీలు నాలుగైదు ఎక్కువే తీసుకోమను. బావకి వచ్చే ఈపీఎస్ పెన్షన్లో సగం నీకు వస్తుంది, దానికీ బ్యాంకుకీ కావాలి. పెన్షన్ ఆఫీసుకి నేను తోడు వెళ్ళగలను. నాతో వద్దనుకుంటే మన యూనియన్లో ఆ పనులు చూసే కుర్రాడికి చెప్పి ఉంచాను, బాబు ఫోన్ చేస్తే వస్తాడు. నా పేరు ఎత్తాల్సిన పనిలేదు.

దీనికి జవాబు రాయకు. క్షమించానని చెప్పి పంపాల్సిన అవసరమూ లేదు. వేళకి ఇంత తిను. మీ వదిన పప్పుచారు తెస్తోంది, నీ లెక్క ప్రకారం ఉప్పు తగ్గించే చేయించాను.

అన్నయ్య