డౌట్ ఫొటోల గురించి విద్యార్థులకు నోటీసు

ఎవరికి: జూనియర్, సీనియర్, లాంగ్ టర్మ్ బ్యాచ్‌ల విద్యార్థులందరికీ
ఎప్పటి నుంచి: వచ్చే సోమవారం ఉదయం నుంచి
విషయం: డౌట్ డెస్క్‌కు పంపే ఫొటో స్పష్టంగా ఉండాలి, ప్రశ్న మేరకే కత్తిరించి ఉండాలి, ప్రశ్నను టైపు చేసి కూడా పంపాలి

ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ డౌట్‌ను ఫ్యాకల్టీకి పంపకుండా మీకే తిప్పి పంపుతాం. ఎందుకు తిప్పి పంపామో ఒక్క మాటలో రాస్తాం: "మసక", "క్రాప్", "టైపు". సరిచేసి రెండు గంటల్లోగా మళ్ళీ పంపితే క్యూలో మీ చోటు మీకే ఉంటుంది. ఆ తర్వాత పంపితే కొత్త డౌట్‌గా చివర చేరుతుంది. మొదటి వారం మాత్రం కొంచెం చూసీ చూడనట్టు పోతాం.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పోయిన వారం ఫిజిక్స్‌లో ఒక డౌట్ వచ్చింది. 30 డిగ్రీల వాలు తలంపై 2 కిలోల దిమ్మె ఉంది, ఘర్షణ బలం ఎంత అన్నది ప్రశ్న. ఫొటో రాత్రి పడక దీపం వెలుతురులో తీసినట్టుంది. స్థితిక ఘర్షణ గుణకం 0.6 అని పుస్తకంలో ఉంటే, ఆ మసకలో మాకు 0.5 అని కనబడింది. 0.5 అయితే దిమ్మె జారుతుంది. కాబట్టి గతిక గుణకం 0.4 వాడి 6.93 న్యూటన్లు అని జవాబు రాశాం. కీలో 10 న్యూటన్లు ఉంది. కీ తప్పని మేము, సర్ తప్పని విద్యార్థి, పదకొండు మెసేజ్‌లు నడిచాయి. చివరికి పుస్తకం తెప్పించి చూస్తే 0.6. దిమ్మె అసలు కదలనే కదలదు. ఒక్క అంకె దగ్గర ఇద్దరి సాయంత్రమూ పోయింది. ఇందులో విద్యార్థి తప్పు ఎంతో మా తప్పూ అంతే, అనుమానం వచ్చినప్పుడే అడగాల్సింది. ఇకమీదట అడుగుతాం, అందుకే ఈ నోటీసు.

ఫొటో తీయడం

కెమెరా అద్దాన్ని ముందు మెత్తటి గుడ్డతో తుడవండి. రోజంతా జేబులో, చేతిలో నలిగిన ఫోన్‌కు వేలి జిడ్డు అంటుకుని ఉంటుంది. సగం మసక దానిదే. పుస్తకాన్ని బల్ల మీద పరిచి, ఫోన్‌ను పేజీకి సమాంతరంగా పైనుంచి పట్టుకోండి. ఫోన్‌ను వాల్చి తీస్తే దగ్గరి వరుస పెద్దగా, దూరపు వరుస చీమ తలకాయంత వస్తుంది. ఘాతాంకాలు, పాదాంకాలు ఉండేది ఆ చిన్న అక్షరాల్లోనే. ప్రశ్న మీద వేలితో తాకి, ఫోకస్ కుదిరేదాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు నొక్కండి. చెయ్యి వణుకుతుంటే మోచేతులు బల్లకు ఆనించండి.

వెలుతురు కిటికీ వైపు నుంచి వస్తే మంచిది. ట్యూబ్‌లైట్ మీ వెనక ఉంటే మీ తల నీడ సరిగ్గా ప్రశ్న మీదే పడుతుంది. నున్నటి కాగితంపై ఫ్లాష్ వేస్తే మధ్యలో తెల్లటి మచ్చ వచ్చి మూడో ఆప్షన్ మాయమవుతుంది. మందపాటి మెటీరియల్ అయితే మడత దగ్గర అక్షరాలు వంగిపోతాయి. ఆ పేజీని ఇంకో చేత్తో అదిమి పెట్టండి, కానీ ఆ చెయ్యి ఫొటోలో పడకుండా చూసుకోండి.

ల్యాప్‌టాప్ తెర మీద ఉన్న ప్రశ్నను ఫోన్‌తో ఫొటో తీయొద్దు. రంగురంగుల అలల గీతలు వచ్చి పడతాయి. స్క్రీన్‌షాట్ తీయండి. వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి తిరిగి వచ్చిన ఫొటోలు కూడా వద్దు. ఆ దారిలో అవి కుదించుకుపోయి ఉంటాయి. పుస్తకం మీ దగ్గరే ఉంటే మళ్ళీ తీయడానికి అర నిమిషం పడుతుంది. వాట్సాప్‌లోనే పంపాల్సి వస్తే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, నాణ్యత తగ్గదు.

పంపే ముందు ఒక పరీక్ష చేయండి. ఫొటోను తెరిచి, అతి చిన్న అక్షరం దగ్గర రెండు వేళ్ళతో పెద్దది చేసి చూడండి. ప్రశ్న మీకు ముందే తెలుసు కాబట్టి మసకలోనూ చదవగలుగుతారు. అందుకే ప్రశ్నను మరిచిపోయి అంకెను మాత్రమే చూడండి. 6కూ 5కూ, 1కీ lకీ, మైనస్ గుర్తుకూ కాగితం మీది మరకకూ తేడా తెలియకపోతే ఆ ఫొటో పనికిరాదు.

కత్తిరించడం

మాకు కావలసినది ప్రశ్న నంబరు, ప్రశ్న, బొమ్మ, నాలుగు ఆప్షన్లు. ఇంతే. పేజీలో పన్నెండు ప్రశ్నలున్న ఫొటో పంపి "సర్, ఏడోది" అనడం ఇక కుదరదు. ఎక్కువ కత్తిరించడం కూడా అంతే ఇబ్బంది. "పై పేరాగ్రాఫ్ ఆధారంగా" అని మొదలయ్యే ప్రశ్నకు ఆ పేరాగ్రాఫ్ కావాలి. బొమ్మ పక్క పేజీలో ఉంటే రెండో ఫొటో జతచేయండి, అది తప్పేం కాదు. అడ్డంగా పడిన ఫొటోను నిలువుగా తిప్పి పంపండి. రోజుకు వంద డౌట్లు చూసే మనిషి మెడ మీద కాస్త దయ ఉంచండి.

క్రాప్‌కు ఇంకో కారణం కూడా ఉంది. మీరు పంపే ఫొటోల్లో చార్జర్ తీగలు, పెన్ను మూతలు, ఒకసారి ఎవరిదో కాలి బొటనవేలు కూడా చూశాం. వాటితో ఇబ్బంది లేదు. కానీ పక్కన తెరిచి ఉన్న స్నేహితుడి మార్కుల కాగితమో, ఇంట్లోవాళ్ళ మందుల చీటీయో కూడా వస్తోంది. డౌట్లను బ్యాచ్ అంతా చూస్తారు. అవి అందరి కంటా పడకూడదు.

టైపు చేయడం

"ఫొటో ఉంది కదా, మళ్ళీ టైపు ఎందుకు" అని చాలామంది అడిగారు. ఫొటోలోని అక్షరాలు మా డౌట్ రికార్డులో వెతికితే దొరకవు. మీ డౌటే నిరుడు నలుగురు అడిగి ఉండొచ్చు, జవాబు సిద్ధంగా ఉండొచ్చు. టైపు చేసిన ప్రశ్న అయితే వెంటనే వెతికి ఆ జవాబు పంపేస్తాం, మీరు సాయంత్రం దాకా ఆగనక్కర్లేదు. రెండోది, 0.6 కథ. ఫొటో, టైపు రెండూ ఉంటే ఒకదాన్ని ఇంకోదానితో సరిచూసుకోవచ్చు. రెండింటికీ తేడా ఉంటే జవాబు రాయకుండా ముందు మిమ్మల్ని అడుగుతాం.

తెలుగులో రాసినా, ఇంగ్లిష్‌లో రాసినా, ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా మాకు సమ్మతమే. భాషలో తప్పులు లెక్కచేయం. లెక్కలోని గుర్తులు మాత్రం సరిగ్గా ఉండాలి. గణిత కీబోర్డు అవసరం లేదు, ఇలా చాలు:

```
x^2    x_1    sqrt(2x+1)    log_2(8)
1/(2x)        (1/2)x
int_0^1 e^(-x) dx
3.2 * 10^(-19) C
```

బ్రాకెట్ల దగ్గర బద్ధకం వద్దు. `1/2x` అని రాస్తే మాకు రెండు రకాలుగా అర్థమవుతుంది. 1 నుంచి 2 వరకు సమాకలనం చేస్తే `1/(2x)` కు జవాబు `(ln 2)/2`, `(1/2)x` కు జవాబు `3/4`. అలాగే `sin^-1 x` అని కాకుండా `arcsin(x)` అని రాయండి. మైక్రోకు `u` వాడండి, `4 uF` అంటే మాకు తెలుస్తుంది. `m` అని పెడితే మిల్లీ అవుతుంది, జవాబు వెయ్యి రెట్లు మారుతుంది.

ఆర్గానిక్ కెమిస్ట్రీలో నిర్మాణాన్ని టైపు చేయడం కష్టమని తెలుసు. అక్కడ ఐయూపీఏసీ పేరో, `CH3-CH(Br)-CH2-CH3` లాంటి కుదించిన రూపమో రాసి, బొమ్మకు ఫొటో జతచేయండి. కైరల్ కేంద్రం ఉంటే నిండు వెడ్జ్ బంధం ఏ గుంపుకు, చుక్కల బంధం ఏ గుంపుకు అన్నది మాటల్లో చెప్పండి. మసక ఫొటోలో ఆ రెండూ ఒకేలా కనిపిస్తాయి, ఆ రెండూ తారుమారైతే R కాస్తా S అయిపోతుంది. బెంజీన్‌కూ సైక్లోహెక్సేన్‌కూ ఇదే గొడవ. లోపలి గీతలు కనబడకపోతే రెండూ ఆరు మూలల బొమ్మలే.

బోటనీ, జువాలజీ వాళ్ళకు ఇందులో పెద్ద పని లేదు. ప్రశ్న, ఆప్షన్లు టైపు చేసి, బొమ్మలో మీరు అడుగుతున్న భాగం పేరు రాస్తే సరిపోతుంది.

ప్రశ్న కింద మీరు ఎంతవరకు చేశారో తప్పకుండా రాయండి. "రాలేదు సర్" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో మాకూ తెలియదు. పైన చెప్పిన డౌటే ఇలా వచ్చి ఉంటే మాకు రెండు నిమిషాల పని:

```
ఫిజిక్స్, ఘర్షణ, ప్రశ్న 14
30 డిగ్రీల వాలు తలంపై 2 kg దిమ్మె నిశ్చలంగా ఉంచారు.
mu_s = 0.6, mu_k = 0.4, g = 10 m/s^2. ఘర్షణ బలం ఎంత?
ఆప్షన్లు: (1) 6.9 N (2) 8.7 N (3) 10 N (4) 10.4 N
నేను చేసింది: f = mu_s*m*g*cos30 = 10.4 N
కీ: (3)
డౌట్: mu_s*N వాడితే ఎందుకు తప్పు?
```

చివరి వాక్యం చూడగానే ఎక్కడ చిక్కుకున్నారో తెలిసిపోతుంది. `mu_s*N` అన్నది ఘర్షణ ఎంతవరకు పెరగగలదో చెప్పే గరిష్ఠ విలువ. దిమ్మెను కిందికి లాగేది `m*g*sin30 = 10 N` మాత్రమే కాబట్టి ఘర్షణ కూడా 10 దగ్గరే ఆగుతుంది. జవాబు ఇంతే. ఇలా టైపు చేస్తూ ఉండగానే తప్పు కనబడి, డౌట్ పంపకుండా మానేసిన వాళ్ళూ ఉన్నారు. వాళ్ళమీద మాకేమీ కోపం లేదు.

మినహాయింపులు

సొంత ఫోన్ లేనివాళ్ళు, చేతికి దెబ్బ తగిలినవాళ్ళు, చూపు సమస్య వల్ల టైపు చేయలేనివాళ్ళు పుస్తకంతో నేరుగా సాయంత్రం 6 నుంచి 8:30 మధ్య డౌట్ డెస్క్‌కు రండి. ప్రశ్నను మేమే ఎక్కించుకుంటాం. దీనికి లెటర్ అక్కర్లేదు, ఇన్‌చార్జ్ సర్‌కు ఒక మాట చెబితే చాలు. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్ వాడేవాళ్ళు ప్రశ్నను ముందే నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటే ఫోన్ చేతికి వచ్చినప్పుడు త్వరగా పని అవుతుంది.

వీక్లీ టెస్ట్ జరుగుతున్నంతసేపు ఆ పేపర్‌లోని ప్రశ్నలు డౌట్లుగా పంపొద్దు. ఎంత స్పష్టంగా తీసినా తీసుకోం.

ఫొటో సరిగ్గా ఉన్నా మేము పొరపాటున తిప్పి పంపితే, ఆ మెసేజ్‌కే "మళ్ళీ చూడండి" అని జవాబివ్వండి. ఇంకొకరు చూస్తారు. ఆదివారం వచ్చిన డౌట్లకు సోమవారం ఉదయం 10 తర్వాత జవాబిస్తాం.

అకడమిక్ ఇన్‌చార్జ్,
డౌట్ డెస్క్