జులై–సెప్టెంబర్ 2025 సమీక్ష: భీమవరం ఏరియా రొయ్య మేత (స్లైడ్లతో చెప్పాల్సిన మాటలు, 9 నిమిషాలు)

స్లైడ్ 1, టైటిల్ (తెర మీదున్నది చదవొద్దు)
నమస్కారమండీ. ఈ మూడు నెలల్లో టార్గెట్ 2,400 టన్నులు, అమ్మింది 2,310. చూడ్డానికి బాగానే ఉంది. కానీ 22 కోట్ల సరుకు వెళ్తే చేతికొచ్చింది 19 కోట్ల 10 లక్షలే. ఆ 2 కోట్ల 90 లక్షలు ఎక్కడ ఆగాయో ఇవాళ చెప్తాను.

స్లైడ్ 2, నెలవారీ అమ్మకాలు
జులై 910, ఆగస్టు 860, సెప్టెంబర్ 540. (సెప్టెంబర్ గీత మీద వేలు పెట్టి, రెండు క్షణాలు ఆగాలి.) రొయ్య ఎక్కువ మేత తినేది పంట ఆఖరి నెలలో. సరిగ్గా ఆ నెలకే చెరువులు ఖాళీ అయ్యాయి. ఎందుకో తర్వాతి స్లైడ్‌లో ఉంది.

స్లైడ్ 3, కౌంట్ ధరలు
ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. కొనేవాళ్లు రేటు తగ్గించారు. ఇంకా పడుతుందన్న భయంతో ఆకివీడు, ఉండి వైపు రైతులు 30 కౌంట్ దాకా ఆగకుండా 60కే పట్టుబడి చేసేశారు. (తెల్లమచ్చ వల్ల కాదా అని అడుగుతారు. డీలర్ల పుస్తకాల్లో ఈ చెరువులు చాలావరకు 80 రోజులు దాటినవే. జబ్బు తగిలితే అన్నాళ్లు ఆగరు కదా.)

స్లైడ్ 4, ఎఫ్‌సీఆర్ పట్టిక
దాటేయాలి. అడిగితేనే వెనక్కి రావాలి.

స్లైడ్ 5, బకాయిలు
ముందే పట్టడంతో మన మేత తగ్గింది. రేటు పడటంతో రైతు డీలర్‌కి పూర్తిగా కట్టలేకపోయాడు, డీలర్ మనకి కట్టలేదు. రెండు దెబ్బలకీ మూలం ఒకటే. బకాయి 6 కోట్ల 20 లక్షల నుంచి 9 కోట్ల 10 లక్షలకి పెరిగింది. పెరిగినదాంట్లో 2 కోట్ల 10 లక్షలు పదకొండు మంది దగ్గరే ఉన్నాయి. (డీలర్ల పేర్లు పైకి చదవొద్దు, కాగితం మీద ఇవ్వాలి. ఇక్కడ గొంతు తగ్గించి సంజాయిషీ చెప్పినట్టు మాట్లాడితే తర్వాత అడగబోయేది నిలబడదు.)

స్లైడ్ 6, మీ నుంచి కావాల్సినవి
రెండు నిర్ణయాలు కావాలండీ. ఒకటి, వచ్చే మూడు నెలలకి టార్గెట్ 1,900 టన్నులు. చలికి రొయ్య మేత తగ్గిస్తుంది, పైగా సీడ్ వేయడానికి రైతులు వెనకాడుతున్నారు. రెండోది, సీడ్ వేసిన 60వ రోజు దాటాక ఇచ్చే మేతకి సగం నగదు. నగదు కట్టిన ప్రతి 25 కిలోల బస్తాకి 25 రూపాయలు తగ్గిద్దాం. 600 టన్నులు నగదుకి వెళ్తే మనకయ్యే ఖర్చు 6 లక్షలు. ఆ పదకొండు మంది దగ్గర ఆగిన డబ్బుకి నూటికి రూపాయి వడ్డీ లెక్కన మూడు నెలలకి 6 లక్షల 30 వేలు మనమే భరిస్తున్నాం.

(పోటీ కంపెనీ అరువిస్తే డీలర్లు పోరా అంటే: కొందరు పోతారు. ఎంతమంది పోతారో మొగల్తూరు, ఉండి డీలర్ల దగ్గర నెల రోజులు నడిపి చూసి, నవంబర్ 15కి లెక్క పంపుతాను.)