విజయవాడ సింగ్‌నగర్ వరద సాయం: రెండో ట్రిప్పుకి కావాల్సినవి, శని-ఆదివారాల్లో ఇవ్వగలరా?

అందరికీ నమస్కారం,

మొన్న బుడమేరు వరద సాయానికి మీరిచ్చిన బియ్యం, నీళ్ల బాటిళ్లు, బిస్కెట్లు అన్నీ వాంబే కాలనీలో, రాజరాజేశ్వరిపేటలో పంచేశాం. ఈసారి అవి వద్దు. నీళ్లు తీశాయి, ఇప్పుడు ఇళ్లలో మిగిలింది బురద. ఒకావిడ మనమిచ్చిన చీర చేతిలో పట్టుకుని, "లంగా, జాకెట్టు లేకుండా ఎలా కట్టుకునేదమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అందుకే ఈసారి అక్కడివాళ్లనే అడిగి రాసుకొచ్చాను.

ముందు ఇల్లు కడుక్కోవడానికి: గట్టి చీపుర్లు, పొడుగు కర్ర వైపర్లు, బకెట్లు, మగ్గులు, రబ్బరు గ్లౌజులు, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్. ఈ చివరి రెండూ వేరువేరు కవర్లలో మూతి గట్టిగా కట్టి ఇవ్వండి. పోయినసారి ఒక ఫినాయిల్ సీసా కారి రెండు బియ్యం బస్తాలు పారేయాల్సొచ్చింది.

వంటకి రెండు బర్నర్ల స్టవ్‌లు, గ్యాస్ పైపులు, కుక్కర్లు, గిన్నెలు, గరిటెలు. వాడినవైనా పర్వాలేదు, పనిచేస్తే చాలు. ఇక చాపలు, దుప్పట్లు, దోమతెరలు ఎన్నొచ్చినా సరిపోవు. మన లిస్టులో 120 కుటుంబాలున్నాయి.

బట్టల్లో మాత్రం కొత్తవే: నైటీలు, లుంగీలు, లంగాలు, అన్ని సైజుల లోదుస్తులు. శానిటరీ ప్యాడ్లు మొహమాటపడి ఎవరూ అడగరు, మనమే పెట్టాలి. పాత బట్టల మూటలు దయచేసి వద్దు, ఏరడానికే మాకు ఒక పూట పోయింది.

పిల్లలకి లాంగ్ నోట్‌బుక్కులు, పెన్నులు, స్కూల్ బ్యాగులు. ఒక పిట్టగోడ మీద ఏడో తరగతి సోషల్ పుస్తకం ఎండబెట్టి ఉంది, పేజీలన్నీ అట్టలా అతుక్కుపోయి.

ఎక్కడ ఇవ్వాలంటే: కేపీహెచ్‌బీ కాలనీ నాలుగో ఫేజ్ కమ్యూనిటీ హాల్‌లో, సెప్టెంబర్ 14 శనివారం ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకా, 15 ఆదివారం ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా. కారు గేటు లోపలికి వస్తుంది, దింపుకోవడానికి మన కుర్రాళ్లుంటారు. ఆ తర్వాత లోడింగ్. వ్యాన్ రాత్రి 8 నుంచి 8:30 దాకా ఎల్‌బీ నగర్ మెట్రో స్టేషన్ దగ్గర ఆగుతుంది, అటువైపు వాళ్లు అక్కడే ఇచ్చేయొచ్చు. 17న నిమజ్జనం, ట్రాఫిక్ సంగతి తెలిసిందేగా, అందుకే బయల్దేరే రోజు మార్చలేం.

కవర్ మీద లోపలేముందో స్కెచ్ పెన్‌తో రాస్తే చాలా మేలు. స్టవ్‌లు, కుక్కర్లు ఇచ్చేవాళ్లు ఎన్నో ఈ మెయిల్‌కే శుక్రవారం రాత్రిలోగా రిప్లై ఇవ్వండి, తక్కువపడినవి మేం హోల్‌సేల్‌లో కొంటాం. డబ్బు పంపుతామన్నవాళ్లకి, ఈసారికి వస్తువులే ఇవ్వండి, లెక్కలు చూసే మనిషి ఊళ్లో లేరు.

ఆదివారం లోడింగ్‌కి ఇంకో నలుగురు కావాలి. టీ, మిర్చి బజ్జీ మావి.

ఉంటాను,
పద్మజ
వాలంటీర్ కోఆర్డినేటర్