రేపటి పండు ఈగ మీటింగ్: స్లైడ్ల కింద నోట్సు

అన్నా, పాపకి జ్వరం తగ్గలేదు, తిరుపతిలోనే ఉండిపోతున్నా. బంగారుపాళ్యం దగ్గర తోతాపురి రైతులకి మీరే చెప్పాలి. 6 స్లైడ్లు, 25 నిమిషాలు. కొటేషన్లలో ఉన్నది ఉన్నట్టు చదివేసినా చాలు.

స్లైడ్ 1 (టైటిల్): ఇక్కడ ఆగొద్దు. నమస్కారం పెట్టి, "పోయినసారి కోతలో పురుగు కాయలు ఎవరికి వచ్చాయి?" అని అడగండి. చేతులు లేస్తాయి, వాళ్లనే ముందు మాట్లాడనివ్వండి.

స్లైడ్ 2 (కాయ ఫోటో): "ఆడ ఈగ తోలుకి సన్నటి బెజ్జం పెట్టి లోపల గుడ్లు పెడుతుంది. పైకి కాయ బాగానే ఉంటుంది, కోస్తే గుజ్జంతా పురుగులే." మా టేబుల్ కింద సంచిలో రాలిన కాయలు రెండున్నాయి, చాకు కూడా పెట్టా. అందరి ముందు కోసి చూపించండి, ఫోటో కన్నా అది గట్టిగా పనిచేస్తుంది.

స్లైడ్ 3 (బొమ్మ, బాణాలు): అసలు విషయం ఇదే, తొందరపడొద్దు. బాణాలు వరసగా చదవక్కర్లేదు. "కాయ రాలాక పురుగు బయటికొచ్చి మట్టిలోకి దూరి, గోధుమ గింజంత గుళికలా మారుతుంది. అదే మళ్లీ ఈగై పైకొస్తుంది. రాలిన కాయని చెట్టు కింద వదిలేస్తే మనమే దాన్ని పెంచినట్టు." ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. తర్వాత, కాయలు ఏరి లోతుగా పూడ్చాలని, చెట్ల కింద మట్టి దున్నితే ఆ గుళికలు పైకొచ్చి ఎండకి చస్తాయని, పక్షులు తింటాయని చెప్పండి.

స్లైడ్ 4 (బుట్ట ఫోటో): "ఈ బుట్ట ఈగలకి ఉచ్చు. లోపలి చెక్కముక్కకి మిథైల్ యూజినాల్ మందు పట్టించి ఉంటుంది, ఆ వాసనకి మగ ఈగలే వస్తాయి. మగవి తగ్గితే ఆడవాటికి జత దొరకదు." ఆడ ఈగ కూడా పడుతుందని మాత్రం పొరపాటున అనొద్దు, పోయినసారి ఒక పెద్దాయన అక్కడే పట్టుకున్నాడు, నేను సరిదిద్దుకోవాల్సి వచ్చింది. "మా తోటలో పెడితే పక్క తోట ఈగలన్నీ ఇటే వస్తాయి కదా" అని తప్పకుండా అడుగుతారు. అందుకే ఊరంతా ఒకేసారి కట్టాలని, కాయ ముదరక ముందే మొదలుపెట్టాలని చెప్పండి.

స్లైడ్ 5 (ఖర్చు పట్టిక): చదవొద్దు, చూపించి వదిలేయండి, కాగితాలు పంచుతాం.

స్లైడ్ 6 (ప్రశ్నలు): రేటు గురించి అడుగుతారు. 2025లో కిలోకి గుజ్జు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 అని ప్రకటించినా వాళ్లు పడ్డ బాధ ఇంకా పచ్చిగానే ఉంది, కోపంగా మాట్లాడినా అడ్డుకోకండి, వినండి. ఈసారి ఎంత వస్తుందో మాత్రం మనం మాటివ్వకూడదు. "పురుగు లేని కాయకే ఫ్యాక్టరీ దగ్గర బేరం ఆడగలం, అంతవరకు మన చేతిలో ఉంది" అనండి. జవాబు తెలియని ప్రశ్న వస్తే పేరు, ఫోన్ నంబరు రాసుకోండి, ఎల్లుండి నేనే ఫోన్ చేస్తా.