జీఎస్టీ నోటీసు సారాంశం: 2021-22 సంవత్సరం (పార్ట్‌నర్లిద్దరికీ)

తేదీ: 22-09-2025

గుంటూరు హార్డ్‌వేర్ షాపు మీద రాష్ట్ర జీఎస్టీ సర్కిల్ ఆఫీసు 16-09-2025న సెక్షన్ 73 కింద డీఆర్‌సీ-01 నోటీసు ఇచ్చింది. పోర్టల్‌లో View Additional Notices/Orders లోపల పడి ఉంది. మామూలు నోటీసుల చోట లేదు కాబట్టే మీ కంట పడలేదు.

కాలం: 2021 ఏప్రిల్ నుంచి 2022 మార్చి వరకు. ఈ సంవత్సరానికి నోటీసు గడువు 30-09-2025. అందువల్ల గడువు దాటిందనే వాదన మనకు పనికిరాదు.

అడిగిన మొత్తం: పన్ను ₹4,12,800 (సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ సగం సగం), 18 శాతం చొప్పున వడ్డీ ₹2,56,350, పెనాల్టీ 10 శాతం ₹41,280. అన్నీ కలిపి ₹7,10,430.

చెప్పిన కారణాలు రెండు. చిన్నది కారు ఇన్సూరెన్స్, రిపేర్ల మీద తీసుకున్న ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్, అంటే ఐటీసీ ₹48,600. సెక్షన్ 17(5) ప్రకారం అది రాదు, వాదించి లాభం లేదు.

పెద్దది, మనం వేసిన 3బీ రిటర్నులో ₹56,04,200 ఐటీసీ తీసుకుంటే, సప్లయర్లు చూపిన బిల్లులతో తయారయ్యే 2బీలో ₹52,40,000 మాత్రమే కనిపించడం. తేడా ₹3,64,200. ఆఫీసు వాళ్లు ఏడాది మొత్తాన్ని ఒకే ముద్దగా లెక్కేశారు. నెలలవారీగా విడదీస్తే కథ వేరు. ఏప్రిల్-డిసెంబర్ తేడా ₹2,38,000. అందులో ₹38,400 లారీ కిరాయిల మీద మనమే రివర్స్ చార్జ్ కట్టి తీసుకున్నది. ఆ లారీ వాళ్లకు రిజిస్ట్రేషన్ లేదు, 2బీలో ఎలా కనిపిస్తుంది? మిగిలింది ₹1,99,600. ఆ నెలల్లో రూల్ 36(4) 2బీ కంటే 5 శాతం అదనంగా ఒప్పుకునేది. మన 2బీ ₹41,60,000 మీద అది ₹2,08,000. అంటే పరిమితిలోనే ఉన్నాం.

జనవరి-మార్చి ₹1,26,200 దగ్గరే టెన్షన్. 1-1-2022 నుంచి ఆ వెసులుబాటు పోయింది. పెయింట్ల సప్లయర్ మన బిల్లులను రిజిస్ట్రేషన్ లేని కస్టమర్లకు అమ్మినట్టు బీ2సీలో వేసినట్టున్నాడు. ఇది బలహీనమైన భాగం, కట్టాలా పోరాడాలా అన్నది మీరు తేల్చాలి.

జవాబు: డీఆర్‌సీ-06 ఫారంలో 16-10-2025 లోపు వేయాలి. హియరింగ్ 24-10-2025, వ్యక్తిగతంగా వింటే బాగుంటుందని జవాబులోనే అడుగుతాం. మొదట కారు ఐటీసీ ₹48,600 వడ్డీతో డీఆర్‌సీ-03 ఫారంలో కట్టేసి, ఆ మేరకు పెనాల్టీ వదిలేయమని కోరదాం. మొత్తం పన్ను, వడ్డీ నోటీసు ఇచ్చిన 30 రోజుల్లో కడితే పెనాల్టీ ఉండదు గానీ, ₹1,99,600 కట్టడం నాకు దండగనిపిస్తోంది.

సర్క్యులర్ 193/05/2023 ప్రకారం, డిసెంబర్ దాకా ఉన్న తేడాకి సప్లయర్ ఇచ్చే సర్టిఫికెట్ చాలు, ఎందుకంటే ఒక్కో సప్లయర్ దగ్గర ₹5 లక్షలు దాటలేదు. దాటితే సీఏ సర్టిఫికెట్ కావాల్సి వచ్చేది. వడ్డీ మీద ఇంకో పట్టు ఉంది: తప్పుగా తీసుకున్న క్రెడిట్ వాడుకుంటేనే వడ్డీ. క్రెడిట్ లెడ్జర్ బాలెన్స్ ఎప్పుడూ ఆ మొత్తం కంటే కిందికి దిగలేదేమో చూస్తున్నాను.

షాపు నుంచి కావాల్సినవి: ఆ సప్లయర్ల బిల్లులు, బ్యాంకు చెల్లింపులు, వే బిల్లులు, లారీ కిరాయి వోచర్లు. అక్టోబర్ 3 లోపు ఫైల్ నా టేబుల్ మీదుంటే డ్రాఫ్ట్ 8న చూపిస్తాను. సప్లయర్లకు ఫోన్ మాత్రం ఇవాళే చేయండి. సర్టిఫికెట్ల మీద సంతకానికి వాళ్లను పట్టుకోవడమే అన్నిటికంటే ఆలస్యం.