‘పంటు’ ప్రివ్యూ: రెండున్నర గంటలు రేవులో

నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద గోదావరి దాటినవాళ్లకి ఆ గోల గుర్తుండే ఉంటుంది. ఇంజను మోత, బైకుల హారన్లు, ‘ఇంకొంచెం వెనక్కి!’ అని ఎవరో ఒకరి కేక. ‘పంటు’ గేమ్ సరిగ్గా ఆ గోలలోనే మొదలవుతుంది. సరంగు మీరే. పొద్దుటి నుంచి రాత్రి దాకా జనాన్నీ బళ్లనీ అవతలి ఒడ్డుకి చేర్చాలి, డీజిల్ ఖర్చు రాబట్టుకోవాలి.

ముందే ఒక మాట. ఇది తయారుచేస్తున్నవాళ్ల ఆఫీసులో, వాళ్ల కంప్యూటర్ మీదే ఆడాను. పక్కనే డెవలపర్ కూర్చున్నాడు. రెండుచోట్ల ఇరుక్కుపోతే ఆయనే గట్టెక్కించాడు. మొదటి రెండు అధ్యాయాలు మాత్రమే చూపించారు.

నాకు బాగా నచ్చింది బళ్లు ఎక్కించడం. వినడానికి చప్పగా ఉంటుంది, నిజమే. కొబ్బరికాయల ట్రాలీని ఎడమవైపు పెట్టానా, పంటు అటు ఒరిగింది. సరిచేద్దామని ఆటోని కుడివైపుకి పంపితే మధ్యలో నిలబడ్డ పెద్దావిడకి దారి లేదు. ఆవిడ తిట్లు సగం మింగేసి తిడుతుంది, అచ్చం మా మేనత్తలా. ఈలోగా ఆటు మొదలై ఒడ్డు దగ్గర నీళ్లు తగ్గిపోతుంటాయి. ఆలస్యం చేస్తే బురదలో దిగబడటమే. నేను మూడుసార్లు దిగబడ్డాను, ఒక్కసారి కూడా గేమ్ మీద కోపం రాలేదు.

రెండో అధ్యాయంలో వరద వస్తుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది. గేమ్‌లోనూ ఆ అంకెలే వాడారు. రేడియోలో అంకె పెరిగే కొద్దీ ‘ఇంకొక్క ట్రిప్పు వేద్దామా’ అనే టెన్షన్ బాగా పట్టుకుంది. ఆ రాత్రి పంటు ఎక్కే మనిషి గురించి మాత్రం ఇక్కడ రాయను.

ఇక ఇబ్బందులు. వాన సీనులో కెమెరా తాడు విసిరే చేతిని వదిలేసి ఆకాశం వైపు తిరుగుతోంది. ట్రిప్పు మధ్యలో సేవ్ లేదు. ఒకసారి గేమ్ ఆగిపోయి ఇరవై నిమిషాల ఆట పోయింది. అన్నిటికన్నా బాధపెట్టింది తెలుగు అక్షరాలు. మాటలన్నీ కమ్మటి గోదావరి యాసలో ఉన్నాయి, కింద సబ్‌టైటిల్‌లో ‘స్త్రీ’ మూడు ముక్కలై కనబడుతోంది. తెలుగు లిపిని కలిపి చూపించే పద్ధతి ఇంకా పెట్టలేదట, విడుదలలోపు పెడతామన్నారు. పెట్టాక చూడాలి.

డబ్బు లెక్క కూడా ఇంకా తేలలేదు. రెండో రోజుకే నా చేతిలో అవసరానికి మించి మిగిలింది, డీజిల్ గురించి ఆలోచించడమే మానేశాను. ఆరో రోజుకి కూడా ఇలాగే ఉంటే బళ్లు ఎక్కించడంలోని మజా పోతుంది. ఆ రోజులు నేను ఆడలేదు.

విడుదల తేదీ, ధర చెప్పలేదు. వర్షాకాలంలోపు డెమో ఇస్తామన్నారు. వస్తే ఇంట్లో, పక్కన ఎవరూ లేకుండా మళ్లీ ఆడతాను.