కార్యవర్గ సమావేశ మినిట్స్
ఫ్లాట్ల యజమానుల సంక్షేమ సంఘం, విజయవాడ

తేది: 15-06-2025, ఆదివారం, ఉదయం 10.30
స్థలం: సెల్లారులోని సంఘం గది, కాన్ఫరెన్స్ కాల్
అధ్యక్షత: 301 ఫ్లాటు యజమాని, సంఘం అధ్యక్షులు

హాజరు: గదిలో నలుగురు: 301, 102 (కార్యదర్శి), 401 (కోశాధికారి), 204. ఫోనులో ముగ్గురు: 502, గుంటూరు నుంచి 404 (ఉపాధ్యక్షులు), డాలస్ నుంచి 203, అక్కడ అప్పటికి అర్ధరాత్రి. రానివారు: 101, 302, 403, 501. 302 వారు మద్దతు తెలుపుతూ సందేశం పంపారు. సందేశం హాజరు కాదు గనుక లెక్కలోకి తీసుకోలేదు.

కోరం: 11 మందిలో 6 ఉండాలి, 7 ఉన్నారు. మాట వినిపిస్తూ, వింటూ ఉన్నంతసేపే ఫోను సభ్యులను హాజరుగా లెక్కించాలని ఏప్రిల్ 13న తీర్మానించాం. రిజిస్టరులోని నంబర్లకు కార్యదర్శే కాల్ చేశారు. ముగ్గురూ ఫ్లాటు నంబరు చెప్పారు. గొంతు సరిగా వినపడటం లేదని 502 వారు చెప్పగా ఫ్యాను ఆపివేసి, ఫోను బల్ల మధ్యలో పెట్టాం.

1. లిఫ్టు మరమ్మతు
తాళ్లు, కంట్రోల్ బోర్డు మార్చడానికి రూ. 1,85,000 కొటేషన్‌ను కోశాధికారి చదివి వినిపించారు. ఇచ్చిన సంస్థ తన బంధువులదని ఆయనే చెప్పారు.

ఫోను సభ్యులను ముందు మాట్లాడమని అధ్యక్షులు కోరారు. 502 వారి మాటలు ఉన్నవి ఉన్నట్టు: "మావారు ఇరవై రోజులుగా కిందికి దిగలేదు. ఆసుపత్రికి వెళ్లాలంటే కుర్చీలో కూర్చోబెట్టి ఐదంతస్తులు మోసుకెళ్లాలి. ఇక్కడి నుంచి ఇక్కడికే నేను ఫోనులో మాట్లాడుతున్నాను."

11.05కు 203, 404ల లైన్లు తెగిపోయాయి. ఐదుగురమే మిగలడంతో అధ్యక్షులు చర్చ ఆపారు. 11.14కు ఇద్దరూ తిరిగి కలిశారు. ఆ తొమ్మిది నిమిషాల్లో ఏదీ నిర్ణయించలేదు.

ఒక్క కొటేషన్‌తో పని అప్పగించడం సరికాదని 203 వారు అన్నారు. రెండోది తెప్పించవచ్చు గానీ మూడు రోజులు మించకూడదని 502 వారు పట్టుబట్టారు. ఇద్దరి మాటలూ కలిపి తీర్మానాన్ని సవరించాం.

తీర్మానం: జూన్ 18లోగా అధ్యక్షులు వేరే సంస్థ నుంచి కొటేషన్ తీసుకోవాలి. రెండింటిలో తక్కువదానికి, రూ. 1,85,000 మించకుండా, 19న పని అప్పగించాలి. రెండోది రాకపోయినా తేదీ మారదు.
ప్రతిపాదన: 203. బలపరిచినవారు: 502.

ఫ్లాటు నంబరు పిలిచి ఒక్కొక్కరి ఓటు అడిగాం. ఫోను సభ్యుల జవాబును కార్యదర్శి తిరిగి చెప్పి ఖరారు చేసుకున్నారు. అనుకూలం 6 (301, 102, 204, 404, 502, 203), వ్యతిరేకం లేదు, తటస్థం 1 (401, బంధుత్వం వల్ల). తీర్మానం ఆమోదం పొందింది.

2. నీటి ట్యాంకు శుభ్రం
జూన్ 22న. అందరూ అంగీకరించారు.

ఈ మినిట్స్‌ను ఫోనులో చదివి వినిపించగా, "ఇరవై రోజులుగా" అన్నది ఉంచమని 502 వారు కోరారు, ఉంచాం. ఫోను సభ్యుల సంతకాల చోట "ఫోనులో విని అంగీకరించారు" అని రాశాం. సమావేశం 11.50కి ముగిసింది.

(సం.) కార్యదర్శి    (సం.) అధ్యక్షులు